వెనుక రెక్క మీది మచ్చలు: ఫోటో చూసి సీతాకోకచిలుక జాతిని ఎంతవరకు నిర్ధారించవచ్చు?

నారింజ రంగు రెక్కలు, ముందు రెక్క కొసన నలుపు, ఆ నలుపులో ఏటవాలుగా తెల్లని మచ్చల పట్టీ, రెక్కల అంచు చుట్టూ సన్నని నల్లని గీత. ఈ వర్ణనకు సరిపోయే సీతాకోకచిలుక ఆఫ్రికాలోనూ దక్షిణాసియాలోనూ ఆస్ట్రేలియాలోనూ పొదల మీద, పూల మీద తరచుగా కనిపిస్తుంది. ఫోటో చూసినవారిలో ఎక్కువమంది దాన్ని వెంటనే ప్లెయిన్ టైగర్ అంటారు. శాస్త్రనామం డానస్ క్రిసిప్పస్. చాలాసార్లు ఆ మాట నిజమే అవుతుంది. అయితే అదే వర్ణనకు అంతే చక్కగా సరిపోయే మరో జాతి ఉంది. అది హైపోలిమ్నస్ మిసిప్పస్, అంటే డానైడ్ ఎగ్‌ఫ్లై. ఆ జాతిలో ఆడది మాత్రమే ఇలా ఉంటుంది. మగది నల్లని రెక్కల మీద ఊదా మెరుపు అంచుగల పెద్ద తెల్లని మచ్చలతో పూర్తిగా వేరే రూపంలో ఉంటుంది కనుక దాని విషయంలో పొరపాటు జరగదు. సమస్య అంతా ఆడదానితోనే.

ఫోటోలోని ప్రాణిని గుర్తించడమంటే అది దేనిలా ఉందో చెప్పడం కాదు, దానిలాగే కనిపించే ఇతర జాతులను ఏ ఆధారంతో పక్కన పెట్టగలమో చెప్పడం. ఈ తేడాను ఈ జంట స్పష్టంగా చూపుతుంది. మొత్తం రూపం ఎంత బాగా సరిపోయినా ఇక్కడ దానికి విలువ లేదు, ఎందుకంటే ఆ రూపం రెండు జాతులకూ ఉమ్మడిది.

అది ఉమ్మడి ఎందుకైందో తెలుసుకుంటే ఏ లక్షణాలను నమ్మాలో కూడా తెలుస్తుంది. ప్లెయిన్ టైగర్ గొంగళిపురుగు జిల్లేడు, దాని కుటుంబానికి చెందిన ఇతర పాల మొక్కల ఆకులను తింటుంది. ఆ మొక్కల పాలలోని విషపదార్థాలు దాని శరీరంలో చేరి, రెక్కలు వచ్చిన తరువాత కూడా నిలుస్తాయి. అలాంటి పురుగును ఒకసారి నోట పెట్టుకున్న పక్షి వాంతి చేసుకుని, ఆ నారింజ నలుపు రంగుల జోలికి మళ్లీ పోకుండా జాగ్రత్త పడుతుంది. డానైడ్ ఎగ్‌ఫ్లైకి ఆ విషం లేదు. విషమున్న జాతి వేషం వేసుకోవడం వల్లనే దానిలోని ఆడది బతికిపోతుంది. రుచిగల జాతి చేదు జాతిని పోలి ఉండటాన్ని హెన్రీ వాల్టర్ బేట్స్ అమెజాన్ ప్రాంతపు సీతాకోకచిలుకల ఆధారంగా 1862లో వివరించాడు. ఇలాంటి అనుకరణను నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

అనుకరణకు ప్రేక్షకుడు పక్షి. దూరం నుంచి, క్షణంలో, ఎగురుతున్న పురుగును చూసి నిర్ణయం తీసుకునే పక్షికి ఏది కొట్టొచ్చినట్టు కనిపిస్తుందో అది తరతరాల ఎంపికలో మరింత కచ్చితంగా తీర్చబడుతుంది. పక్షి లెక్కచేయని చిన్న వివరాల మీద ఆ ఒత్తిడి తక్కువ. అందువల్ల రంగు, కొసలోని నలుపు, తెల్లని పట్టీ, మొత్తం పరిమాణం అనే నాలుగూ బాగా కుదిరిన వేషంలో భాగాలు. ఫోటో చూసేవారి కన్ను మొదట పడేది వీటి మీదనే, నిర్ధారణకు పనికిరానివీ ఇవే. రెండు జాతులూ రెక్కలు చాచినప్పుడు సుమారు 7 నుంచి 8 సెంటీమీటర్లు ఉంటాయి కాబట్టి పక్కన కొలబద్ద పెట్టి తీసిన ఫోటో ఉన్నా ప్రయోజనం ఉండదు. రెండూ ఒకే పెద్ద కుటుంబానికి చెందినవి, రెండింటిలోనూ ముందు జత కాళ్లు బాగా కుంచించుకుపోయి నాలుగు కాళ్లే ఉన్నట్టు కనిపిస్తాయి. కాబట్టి కాళ్ల లెక్క కూడా సాయం చేయదు.

అనుకరణ ఎంత దూరం వెళ్లిందంటే, ప్లెయిన్ టైగర్‌లో ముందు రెక్క కొసన నలుపు లేని డోరిప్పస్ అనే రూపం ఉంటే, ఎగ్‌ఫ్లై ఆడదానిలోనూ ఆ నలుపు లేని ఇనారియా అనే రూపం ఉంది. వెనుక రెక్క తెల్లబారిన రూపాలు కూడా రెండు వైపులా ఉన్నాయి. కనుక కొస నల్లగా లేదు కాబట్టి ఇది ఆ జాతి కాదు అనే వాదన కూడా నిలవదు.

ఇక నిర్ధారణకు పనికొచ్చే లక్షణాలు రెండు. మొదటిది వెనుక రెక్క నడిమి భాగంలోని నల్లని మచ్చల సంఖ్య. సీతాకోకచిలుక వెనుక రెక్కలో మొదలు నుంచి మధ్య వరకు ఈనెల నడుమ ఒక పొడవాటి గది ఉంటుంది. ప్లెయిన్ టైగర్‌లో ఆ గది చివర చుట్టూ మూడు నల్లని మచ్చలు ఉంటాయి. మగదానిలో వీటికి కాస్త కిందుగా నాలుగోది కూడా కనిపిస్తుంది. అది నిజానికి మచ్చ కాదు, ఆడదాన్ని ఆకర్షించే వాసనతో ముడిపడిన చిన్న సంచి. డానైడ్ ఎగ్‌ఫ్లై ఆడదానిలో మాత్రం ఈ భాగమంతా ఖాళీగా ఉండి, రెక్క పై అంచుకు దగ్గరగా ఒకే ఒక్క నల్లని మచ్చ ఉంటుంది. రెండో లక్షణం రెక్క వెలుపలి అంచు. ప్లెయిన్ టైగర్ వెనుక రెక్క అంచు నునుపైన వంపుగా సాగి, నల్లని గీతలో చిన్న తెల్లని చుక్కలు వరుసగా కనిపిస్తాయి. ఎగ్‌ఫ్లై అంచు చిన్న చిన్న వంకలుగా, రంపపు పళ్లను మొద్దు చేసినట్టుగా ఉండి, ఆ వంకలను అనుసరించి తెల్లని చాపరేఖలు కనిపిస్తాయి.

ఈ రెండింటిలో మచ్చల లెక్కకే ఎక్కువ విలువ ఇవ్వడం సబబు. మచ్చ ఉన్న చోటును ఈనెలతో పోల్చి చెప్పవచ్చు, ఈనెల అమరిక వెలుతురును బట్టి మారదు. రంగు అలా కాదు. నీడలో తీసిన ఫోటోలో నారింజ గోధుమ రంగుగా మారుతుంది, ఎర్రటి సాయంత్రపు వెలుగులో ముదురుతుంది, కెమెరా తనంతట తాను రంగులను సరిదిద్దినప్పుడు మరోలా తేలుతుంది. అంచు విషయంలో ఇబ్బంది వయసుతో వస్తుంది. రెక్క మీది పొలుసులు రాలే కొద్దీ, పొదల్లో చిరిగే కొద్దీ మొదట పాడయ్యేది అంచే. కొన్ని వారాలు బతికిన సీతాకోకచిలుకలో తెల్లని చాపరేఖలు పూర్తిగా మాసిపోయి, వంకలున్న అంచు కూడా చిరుగుల మధ్య తెలియకుండా పోవచ్చు. రెక్క నడిమి భాగం అంత త్వరగా దెబ్బతినదు.

అయితే మచ్చలను లెక్కపెట్టడంలోనే అన్నిటికంటే తరచుగా జరిగే పొరపాటు దాగి ఉంది. కనిపించకపోవడాన్ని లేకపోవడంగా తీసుకోవడమే ఆ పొరపాటు. రెక్కలు విప్పి ఎండ కాచుకుంటున్న సీతాకోకచిలుకను పైనుంచి తీసినప్పుడు ముందు రెక్క వెనుక రెక్క పై భాగాన్ని కప్పేస్తుంది. ఎగ్‌ఫ్లైకి ఉన్న ఒక్క మచ్చా సరిగ్గా ఆ కప్పబడిపోయే చోటే ఉంటుంది. ప్లెయిన్ టైగర్ మూడు మచ్చల్లో కూడా పై మచ్చ దాగిపోవచ్చు, కానీ గది చివర ఉన్నవాటిలో కనీసం ఒకటైనా బయట కనిపించాలి. కాబట్టి పైనుంచి తీసిన ఫోటోను చదివేటప్పుడు మచ్చలు ఎన్ని అని అడిగే ముందు, మచ్చ ఉండవలసిన చోటు ఫోటోలో స్పష్టంగా పడిందా అని అడగాలి. వెనుక రెక్క నడిమి భాగం స్పష్టంగా కనిపిస్తూ, అక్కడ ఏమీ లేకపోతే అది ఎగ్‌ఫ్లై వైపు మొగ్గే గట్టి ఆధారం. అదే భాగం ఆకు చాటున ఉన్నా, మసకబారినా ఆ ఫోటో మచ్చల విషయంలో ఏమీ చెప్పలేదు. ఈ రెండు స్థితులనూ ఒకే మాటలో మచ్చలు కనిపించలేదు అని రాసేవారు తమకు తెలియకుండానే తమ ఆధారాన్ని పోగొట్టుకుంటారు.

పక్క నుంచి, రెక్కలు మూసుకుని ఉన్నప్పుడు తీసిన ఫోటో ఈ కారణంగానే మేలైనది. మూసిన రెక్కల్లో వెనుక రెక్క అడుగుభాగం దాదాపు మొత్తం బయటికి కనిపిస్తుంది, మచ్చలు అక్కడా అంతే సంఖ్యలో ఉంటాయి. కానీ ఇక్కడ మరో చిక్కు ఉంది. సూర్యుడు సీతాకోకచిలుక వెనుక ఉన్నప్పుడు పలుచని రెక్కల గుండా వెలుతురు దూసుకొచ్చి అవతలి వైపు రెక్కల మచ్చలు కూడా నీడలుగా కనిపిస్తాయి. కుడి ఎడమ రెక్కలు సరిగ్గా ఒకదానిపై ఒకటి కుదిరితే నష్టం లేదు. కాస్త జరిగి ఉంటే మాత్రం ఒక్క మచ్చ రెండుగా, మూడు మచ్చలు ఐదుగానో ఆరుగానో తోస్తాయి. నీడ మచ్చను పట్టుకునే మార్గం దాని అంచును చూడటమే. ఇవతలి రెక్క మీది మచ్చకు పదునైన అంచు, చిక్కని నలుపు ఉంటాయి. అవతలి రెక్క నుంచి తేలిన మచ్చ బూడిదరంగులో, అంచు కరిగినట్టుగా ఉండి, అసలు మచ్చకు ఎప్పుడూ ఒకే దిశలో, ఒకే దూరంలో కనిపిస్తుంది.

ఇప్పుడు నమ్మకం ఎంత ఉండాలనే ప్రశ్నకు వద్దాం. ఒక ఊహాజనిత లెక్క తీసుకుంటే విషయం తేలికగా అర్థమవుతుంది. ఒక చోట తీసిన ఇలాంటి నారింజ రంగు సీతాకోకచిలుకల ఫోటోలు 100 ఉన్నాయనీ, వాటిలో 95 ప్లెయిన్ టైగర్లు, 5 ఎగ్‌ఫ్లై ఆడవి అనీ అనుకుందాం. ఏ ఫోటోనూ పరిశీలించకుండా అన్నిటినీ ప్లెయిన్ టైగర్ అని రాసినవారికి కూడా 95 సరైన జవాబులు వస్తాయి. ఆ సంఖ్య చూసి వారి గుర్తింపు గొప్పదని అనుకోవడం పొరపాటు, ఎందుకంటే ఆ నమ్మకం ఫోటో ఇచ్చింది కాదు, ఆ చోటు ఇచ్చింది. పైగా అలా రాస్తే ఆ చోట ఎగ్‌ఫ్లై అనే జాతి ఉందన్న సంగతే నమోదుల్లోంచి మాయమవుతుంది. అరుదైన జాతి మరింత అరుదైనదిగా కనిపించడానికి ఇదొక కారణం.

దీనికి ఎదురు పొరపాటు కూడా ఉంది. మచ్చలను లెక్కపెట్టేటప్పుడు 100కి 4 సార్లు ప్లెయిన్ టైగర్‌ను పొరపాటుగా ఒకే మచ్చ ఉన్నదిగా చదువుతున్నారనుకుందాం. మసక వల్లనో ముందు రెక్క కప్పడం వల్లనో ఆ మాత్రం తప్పు జరగడం వింత కాదు. అప్పుడు 95 ప్లెయిన్ టైగర్లలో సుమారు 4 ఎగ్‌ఫ్లైలుగా తేలతాయి. నిజమైన 5 ఎగ్‌ఫ్లైలనూ సరిగ్గానే చదివినా, ఎగ్‌ఫ్లై అని రాసిన 9 ఫోటోల్లో నిజమైనవి 5 మాత్రమే. అంటే 96 శాతం కచ్చితంగా చదివే కన్ను ఉన్నా, అరుదైన జాతి పేరు చెప్పినప్పుడు ఆ మాట నిజమయ్యే అవకాశం సగానికి కాస్త ఎక్కువ మాత్రమే. ఎదురుగా మచ్చ ఒక్కటే కనిపిస్తుంటే ఇంకా అనుమానమెందుకు అనే ప్రశ్నకు సమాధానం ఇదే.

రెండో లక్షణం అవసరమయ్యేది ఇక్కడే. అంచును చదవడంలోనూ 100కి 4 తప్పులే జరుగుతాయనీ, ఆ తప్పులకు మచ్చల తప్పులతో సంబంధం లేదనీ అనుకుంటే, రెండు లక్షణాలూ ఒకేసారి తప్పుదారి పట్టించే ప్లెయిన్ టైగర్ 95లో ఒకటి కూడా ఉండదు. లెక్క ప్రకారం 0.15 మాత్రమే. అప్పుడు ఎగ్‌ఫ్లై అన్న మాట దాదాపు 97 శాతం నిజమవుతుంది. ఇందులో సంబంధం లేదన్న షరతే కీలకం. ఫోటో మొత్తం మసకగా ఉంటే ఆ మసక మచ్చలనూ చెరుపుతుంది, అంచునూ చెరుపుతుంది. అలాంటప్పుడు రెండు లక్షణాలు కనిపించాయని రాసుకున్నా నిజానికి ఉన్నది ఒకే ఆధారం. ఒకే ఫోటోలో రెండు లక్షణాల కన్నా, వేర్వేరు కోణాల్లో తీసిన రెండు ఫోటోల్లో చెరొక లక్షణం దొరకడం ఎక్కువ బలమైన ఆధారం కావడానికి కారణం ఇదే.

పక్షుల ఫోటోల్లో కూడా నిర్ణయాన్ని తేల్చే లక్షణం చాలాసార్లు మొత్తం రూపంలో కాక ఒక మూల ఉంటుంది. కామన్ కెస్ట్రెల్, లెస్సర్ కెస్ట్రెల్ అనే రెండు చిన్న డేగల్లో ఎదిగిన మగవాటిని వీపు మీది మచ్చలను బట్టి విడదీయవచ్చు. లెస్సర్ మగదాని వీపు మచ్చలు లేని ఇటుక రంగులో ఉంటుంది, కామన్ మగదాని వీపు మీద నల్లని మచ్చలుంటాయి. ఆడవాటిలో ఈ తేడా లేదు. అప్పుడు చూడవలసింది గోళ్లు. కామన్ కెస్ట్రెల్ గోళ్లు నల్లగా, లెస్సర్ కెస్ట్రెల్ గోళ్లు తెల్లగా ఉంటాయి. తీగ మీద కూర్చున్న ఆడ కెస్ట్రెల్‌ను రొమ్ము మీది ప్రతి గీతా లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా తీసినా, గోళ్లు తీగ చాటున ఉంటే ఆ ఫోటో విలువ బాగా పడిపోతుంది. సీతాకోకచిలుక వెనుక రెక్కకూ డేగ గోటికీ వర్తించే సూత్రం ఒక్కటే, ఫోటో అందంగా ఉండటానికీ అది నిర్ధారణకు పనికిరావడానికీ సంబంధం లేదు.

ఇక ఒక ఉదాహరణను మొదటి నుంచి చివరి వరకు చూద్దాం. ఒక తోటలో ఒకే ఉదయం తీసిన మూడు ఫోటోలు ఉన్నాయనుకుందాం. మొదటిది 10 గంటల 12 నిమిషాలకు పైనుంచి తీసినది. ముందు రెక్కలు రెండూ అద్భుతంగా వచ్చాయి, నారింజ రంగు, నల్లని కొస, తెల్లని పట్టీ స్పష్టం. వెనుక రెక్కల్లో ఎడమది ఆకు కింద ఉంది, కుడిది సగానికి పైగా ముందు రెక్క కింద ఉండి మిగిలినది మసకబారింది. రెండోది 10 గంటల 31 నిమిషాలకు పక్క నుంచి, రెక్కలు మూసి ఉండగా, ఎండకు ఎదురుగా తీసినది. వెనుక రెక్క మీద పై అంచు దగ్గర చిక్కని నల్లని మచ్చ ఒకటి, దానికి కాస్త వెనుకగా బూడిదరంగు మచ్చ మరొకటి ఉన్నాయి. గది చివర ఉన్న భాగమంతా ఖాళీ. మూడోది ఆ తరువాత అర నిమిషానికి వెనుక నుంచి తీసినది. అందులో మచ్చల భాగం కనిపించదు కానీ వెనుక రెక్క అంచు కెమెరాకు సరిగ్గా చిక్కింది. వంకలు తిరిగిన అంచు, దాన్ని అనుసరించి తెల్లని చాపరేఖలు ఉన్నాయి. కుడి వెనుక రెక్క కింది అంచులో ఆంగ్ల అక్షరం వి ఆకారంలో చిన్న తునక లేచిపోయి ఉంది. పక్షి ముక్కుతో పట్టబోయి విడిచిన సీతాకోకచిలుకల్లో ఇలాంటి గాట్లు కనిపిస్తాయి.

రెండో ఫోటోను ముందుగా చదవాలి, ఎందుకంటే తేడా చూపే చోటు అందులోనే బయటపడింది. అక్కడ కనిపించే రెండు మచ్చలు ఏ జాతి లెక్కకూ నేరుగా సరిపోవు. అయితే బూడిదరంగు మచ్చ అంచు కరిగినట్టుంది. ముందు రెక్క కొసలోని తెల్లని మచ్చలకు కూడా అదే దిశలో, అదే దూరంలో నీడ జంటలు కనిపిస్తున్నాయి. కాబట్టి అది అవతలి రెక్క నీడ, అసలు మచ్చ ఒక్కటే. గది చివరి భాగం స్పష్టంగా ఉండి ఖాళీగా ఉండటంతో ప్లెయిన్ టైగర్ మూడు మచ్చలు అక్కడ లేవని చెప్పవచ్చు, కనిపించలేదని మాత్రమే కాదు. ఈ ఒక్క ఫోటోతోనే ఎగ్‌ఫ్లై వైపు మొగ్గవచ్చు గానీ, పైన చూసిన లెక్క ప్రకారం ఇంకా తొందరపడకూడదు.

మూడో ఫోటోలోని అంచు వేరే కోణంలో, వేరే వెలుతురులో దొరికిన ఆధారం. దాన్ని రెండో ఫోటోతో కలిపి వాడాలంటే రెండింటిలోనూ ఉన్నది ఒకే సీతాకోకచిలుక అని ముందు తేల్చుకోవాలి. పూలు పూసిన పొద మీద రెండు జాతులూ పక్కపక్కనే వాలడం సహజమే. అర నిమిషం తేడా అనుకూలమైన సంగతి, కానీ నిర్ణయాన్ని గట్టిపరిచేది ఆ గాటు. రెండో ఫోటోను పెద్దది చేసి చూస్తే కుడి వెనుక రెక్కలో అదే చోట అదే ఆకారంలో తునక లేచిపోయి ఉంది. రెండు వేర్వేరు ప్రాణులకు ఒకే చోట ఒకే ఆకారంలో గాటు ఉండే అవకాశం చాలా తక్కువ. కాబట్టి ఈ రెండు ఫోటోలనూ కలిపి డానైడ్ ఎగ్‌ఫ్లై, ఆడది అని జాతి వరకు నిస్సంకోచంగా రాయవచ్చు. దాని పక్కనే కారణాన్ని కూడా రాయడం మంచిది. వెనుక రెక్కపై ఒకే మచ్చ, గది చివర ఖాళీ, వంకల అంచు అని మూడు మాటలు చాలు. తరువాత ఎవరైనా సరిచూడాలంటే పేరును కాక ఆ మూడు మాటలను సరిచూస్తారు. గది చివర స్పష్టమైన మచ్చ ఉన్నట్టు అదే ప్రాణి ఫోటో మరొకటి దొరికితే ఈ నిర్ణయాన్ని వెనక్కి తీసుకోవాలి.

మిగిలింది మొదటి ఫోటో. అదే తోట, అదే ఉదయం, అదే రంగు, మిగతా రెండు ఫోటోలు ఎగ్‌ఫ్లై అని తేలాయి కనుక దాన్ని కూడా ఆ పేరుతోనే నమోదు చేయాలని అనిపించడం సహజం. కానీ మధ్యలో 19 నిమిషాలు గడిచాయి, కుడి వెనుక రెక్క కింది అంచు మసకలో కలిసిపోయింది కాబట్టి గాటు ఉందో లేదో తెలియదు, మచ్చలుండే చోటు కనిపించదు. మూడింటిలోనూ చూడటానికి అన్నిటికన్నా చక్కగా వచ్చిన ఫోటో అదే అయినా, దాని కింద రాయగలిగింది ప్లెయిన్ టైగర్ లేదా డానైడ్ ఎగ్‌ఫ్లై ఆడది అని మాత్రమే.